రిజిస్టర్‌లో కనిపించని టర్నోవర్

బ్రిటన్‌లో ఒక కంపెనీ ఎంత పెద్దదో చూడాలంటే కంపెనీస్ హౌస్ రిజిస్టర్‌ను ఎవరైనా ఉచితంగా తెరవవచ్చు. అక్కడికి ఉద్యోగానికి వెళ్లే తెలుగు యువతకూ ఇది అందుబాటులో ఉన్న ఆధారమే. చిక్కేమిటంటే, చిన్న కంపెనీలు లాభనష్టాల ఖాతాను అక్కడ దాఖలు చేయకుండా ఉండే వెసులుబాటు ఉంది. దాంతో టర్నోవర్ కనిపించదు. బ్యాలెన్స్ షీట్, సగటు ఉద్యోగుల సంఖ్య మాత్రం కనిపిస్తాయి.

2025 ఏప్రిల్ 6న గానీ ఆ తర్వాత గానీ మొదలైన ఆర్థిక సంవత్సరాలకు చిన్న కంపెనీకి మూడు హద్దులున్నాయి: టర్నోవర్ 1.5 కోట్ల పౌండ్లు, ఆస్తుల మొత్తం 75 లక్షల పౌండ్లు, ఉద్యోగులు 50 మంది. మధ్యతరహాకు ఇవి 5.4 కోట్లు, 2.7 కోట్లు, 250 మంది. మూడింటిలో ఏ రెండింటికి లోబడినా చాలు. లెక్కంతా ఈ 'రెండు' మీదే నడుస్తుంది.

ఉదాహరణకు, చిన్న కంపెనీగా లెక్కలు దాఖలు చేసిన ఒక సంస్థలో 64 మంది ఉద్యోగులు, 60 లక్షల పౌండ్ల ఆస్తులు ఉన్నాయనుకుందాం. ఉద్యోగుల హద్దు దాటింది, ఆస్తుల హద్దు దాటలేదు. రెండో షరతు తీరాలంటే టర్నోవర్ 1.5 కోట్లు మించకూడదు. అంటే చూపని అంకెకు పై హద్దు దొరికినట్టే. అదే సంస్థలో 38 మందే ఉంటే రెండు షరతులూ అప్పటికే తీరిపోతాయి. అప్పుడు టర్నోవర్ 2 కోట్లున్నా, 10 కోట్లున్నా అది చిన్న కంపెనీయే. తక్కువ సిబ్బందితో సరుకు కొని అమ్మే టోకు వ్యాపారాల్లో ఇలా జరగడానికి ఎంతో వీలుంది. 'చిన్న' అన్న మాట చూసి టర్నోవర్ కూడా చిన్నదే అనుకునేవారు ఇక్కడే పొరబడతారు.

మొదటి లెక్కకూ ఒక మినహాయింపు ఉంది. హద్దు ఒక్క ఏడాది దాటినంత మాత్రాన కంపెనీ వర్గం మారదు, వరుసగా రెండేళ్లు దాటాలి. కాబట్టి ముందటి ఏడాది దాఖలునూ పక్కన పెట్టుకునే అంచనాకు రావాలి.

ఆస్తుల మొత్తమంటే స్థిర, చర ఆస్తుల కూడిక. అప్పులు తీసేశాక మిగిలే నికర ఆస్తిని దాని బదులు తీసుకుంటే లెక్క తలకిందులవుతుంది. ఉద్యోగుల సంఖ్య నెలనెలా ఉన్నవారి సగటు. సగం పూట పనిచేసేవారినీ ఇందులో ఒక్కరుగానే లెక్కిస్తారు. ఆ కంపెనీతో నేరుగా ఉద్యోగ ఒప్పందం ఉన్నవారే ఇందులోకి వస్తారు. హైదరాబాద్‌లోని మాతృసంస్థ జీతమిచ్చే ఇంజనీర్లు లండన్ శాఖా సంస్థ సంఖ్యలో ఉండరు.

పూర్తి లెక్కలు దాఖలు చేసినంత మాత్రాన కంపెనీ పెద్దదని కాదు. చిన్నవీ ఇష్టపడి అలా చేయవచ్చు. పబ్లిక్ కంపెనీకైతే ఎంత చిన్నదైనా ఈ వెసులుబాటు వర్తించదు. ఇక వ్యాపార డైరెక్టరీల్లో '10 నుంచి 50 లక్షలు' వంటి టర్నోవర్ శ్రేణి కనిపించి, రిజిస్టర్‌లో టర్నోవర్ లేకపోతే, ఆ శ్రేణి చాలావరకు ఉద్యోగుల సంఖ్య, రంగం చూసి వేసిన అంచనాయే అయి ఉంటుంది. దాన్ని ఉద్యోగుల సంఖ్యకు వేరే సాక్ష్యంగా లెక్కలోకి తీసుకోకూడదు.