నాసికా కుహరం నిర్మాణం, రక్త సరఫరా: సమాధాన ప్రణాళిక

ఈఎన్‌టీ పోస్ట్‌గ్రాడ్యుయేట్ పరీక్షలో ఈ ప్రశ్నకు చాలామంది ధమనుల పేర్లను వరుసగా రాసి ఊరుకుంటారు. ముక్కుకు రక్తం రెండు వేర్వేరు మార్గాల నుంచి వస్తుందన్న విషయాన్ని కేంద్రంగా తీసుకుంటే సమాధానం దానంతటదే క్రమంలో పడుతుంది.

నిర్మాణాన్ని క్లుప్తంగా రాయాలి. ముందున్న ముక్కు రంధ్రాల నుంచి వెనుక కొయనాల వరకు వ్యాపించిన కుహరాన్ని సెప్టమ్ అనే మధ్యగోడ రెండుగా విభజిస్తుంది. ఈ గోడలో ముందు మృదులాస్థి, వెనుక పైభాగాన ఎథ్మాయిడ్ ఎముక పలక, దాని కింద వోమర్ ఉంటాయి. పక్కగోడ మీద మూడు టర్బినేట్లు మడతల్లా పొడుచుకొని వస్తాయి. వీటిలో మధ్య టర్బినేట్‌ను బొమ్మలో స్పష్టంగా గీయండి. రక్త సరఫరాకు అదే సరిహద్దు గుర్తు.

స్థూలంగా చెప్పాలంటే, దానికి పైభాగం అంతర కెరోటిడ్ ధమనిది. దాని శాఖయైన ఆఫ్తాల్మిక్ ధమని నుంచి ముందు, వెనుక ఎథ్మాయిడల్ ధమనులు వస్తాయి. మిగిలిన భాగమంతా బాహ్య కెరోటిడ్ ధమనిది. అందులో మాక్సిలరీ ధమని నుంచి వచ్చే స్ఫీనోపాలటైన్ ప్రధానమైనది. గ్రేటర్ పాలటైన్, పైపెదవి ధమని సెప్టల్ శాఖ దానికి తోడుగా ఉంటాయి. ఈ రెండు వ్యవస్థలూ సెప్టమ్ ముందు కింది భాగంలో, లిటిల్ ప్రాంతంలో కలుస్తాయి. ముక్కు నుంచి కారే రక్తంలో అధికభాగం ఇక్కడిదే. వెనుక ఎథ్మాయిడల్ ధమని ఈ కలయికలో పాల్గొనదు. దానిని ఇక్కడ చేర్చడం సాధారణంగా కనిపించే పొరపాటు.

ఇప్పుడు ఒక రోగిని ఊహించండి. రోడ్డు ప్రమాదంలో ముక్కు ఎముక విరిగింది. ముక్కులో ప్యాక్ పెట్టినా రక్తం ఆగలేదు. స్ఫీనోపాలటైన్ ధమనికి ఎండోస్కోప్‌తో క్లిప్ వేసినా ఆగలేదు. ఎండోస్కోప్‌తో మళ్లీ చూస్తే రక్తం మధ్య టర్బినేట్ పైనుంచి దిగుతోంది. అంటే అది ముందు ఎథ్మాయిడల్ ధమనిది. ఇక్కడ బాహ్య కెరోటిడ్‌ను మెడలో కట్టినా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే ఆ రక్తం వచ్చే దారే వేరు.

అప్పుడు కంటిగూడు లోపలి గోడ వెంట వెళ్లి ఆ ధమనినే మూసివేస్తారు. ముందు లాక్రిమల్ క్రెస్ట్ నుంచి సుమారు 24 మిల్లీమీటర్ల దూరంలో అది దొరుకుతుంది. మరో 12 దాటితే వెనుక ఎథ్మాయిడల్ ధమని, ఇంకో 6 దాటితే దృష్టి నాడి ఉంటాయి. ఇవి సగటు కొలతలే. మనిషికీ మనిషికీ మారుతాయి.

క్యాథెటర్ ద్వారా ధమనిని మూసే ఎంబోలైజేషన్‌ను స్ఫీనోపాలటైన్‌కు వాడతారు గాని, ఎథ్మాయిడల్ ధమనులకు సాధారణంగా వాడరు. కంటి రెటీనాకు రక్తమిచ్చే ధమని కూడా ఆఫ్తాల్మిక్ నుంచే రావడం వల్ల చూపు పోయే ప్రమాదం ఉంది.