హైదరాబాద్‌లో నీళ్లు వందకు మరగవు

హైదరాబాద్‌లోని ఒక కేటరింగ్ వంటగదికి కొత్త ప్రోబ్ థర్మామీటర్ వచ్చిందనుకుందాం. సూదిని మాంసంలో గుచ్చితే లోపలి వేడి ఎంతో చూపించే పరికరం అది. వంటమాస్టారు దాన్ని సలసల మరుగుతున్న నీళ్లలో ముంచి చూశాడు. ముల్లు 98 దాటి కాస్త ముందుకెళ్లి ఆగింది. నీళ్లు వంద డిగ్రీల దగ్గర మరుగుతాయని చిన్నప్పటి నుంచీ చదువుకున్నదే కదా! డయల్ వెనకున్న నట్టు తిప్పి ముల్లును వందకు తెచ్చాడు. సరిగ్గా ఉన్న పరికరం అక్కడే చెడిపోయింది.

ఎందుకంటే హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. పైకి వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, దాంతో నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. ప్రతి 300 మీటర్లకూ దాదాపు ఒక డిగ్రీ తగ్గుతుందని లెక్క. ఆ లెక్కన విశాఖ తీరంలో 100, హైదరాబాద్‌లో 98.2, బెంగళూరులో 97 దరిదాపుల్లో ఉంటుంది. నట్టు తిప్పితే ముల్లు మొత్తం జరుగుతుంది కాబట్టి ఆ థర్మామీటర్ ఇక అన్నిచోట్లా 1.8 డిగ్రీలు ఎక్కువే చెబుతుంది. కోడిమాంసం లోపల 74 డిగ్రీలు రావాలంటుంది అమెరికా వ్యవసాయ శాఖ. ఆ వంటగదిలో డయల్ 74 చూపించేసరికి కోడి అసలు వేడి 72 దగ్గరే ఉంటుంది.

అందుకే ముందు చేయాల్సింది ఐసు పరీక్ష. ఐసు కరిగే వేడి కొండ మీదైనా తీరంలోనైనా సున్నాయే, గాలి ఒత్తిడితో దానికి పెద్దగా పనిలేదు. 1742లో తన ఉష్ణమానాన్ని ప్రకటించిన స్వీడన్ శాస్త్రవేత్త ఆండర్స్ సెల్సియస్ కూడా ఈ తేడాను గమనించాడు. (ఆయన పెట్టిన కొలతలో మరిగే నీళ్లది సున్నా, ఐసుది వంద. దాన్ని తలకిందులు చేసింది తర్వాతి వాళ్లు.)

ఐసు పరీక్ష తేలికే గానీ, ఎక్కువమంది తప్పుచేసేది కూడా ఇక్కడే. గ్లాసుడు నీళ్లలో నాలుగు ఐసు ముక్కలు వేసి చూస్తారు. ముక్కలు పైన తేలుతాయి, అడుగున ఉండే నీళ్లు మాత్రం సున్నాకు రావు. నీళ్లు అన్నిటికంటే బరువుగా ఉండేది 4 డిగ్రీల దగ్గర. కాబట్టి ఆ వేడిమి ఉన్న నీళ్లు కిందికి దిగి అక్కడే కూర్చుంటాయి. సూది కొన అక్కడుంటే థర్మామీటర్ 3, 4 చూపిస్తుంది, దోషం దానిది కాకపోయినా.

సరైన పద్ధతిలో ఐసును మెత్తగా చితక్కొట్టి గ్లాసు అంచు దాకా నింపాలి. సందులు నిండేంత వరకే చల్లటి నీళ్లు పోయాలి. అసలు నీళ్లే లేకపోయినా తప్పే, ఫ్రీజర్‌లోంచి అప్పుడే తీసిన పొడి ఐసు సున్నా కంటే చాలా చల్లగా ఉంటుంది. బాగా కలిపి రెండు మూడు నిమిషాలు ఆగి, సూదిని అడుగుకూ అంచులకూ తగలకుండా మధ్యలో దింపాలి. డయల్ రకానికి వేడి తెలిసేది కొన దగ్గరే కాదు, కాడ మీద ఐదారు సెంటీమీటర్ల వరకూ. కాబట్టి ఆ మేరకు మునగాలి. అంకె నిలకడగా ఆగాక సూదిని పక్కకు జరిపి చూడండి. అంకె మారితే ఐసు సరిగ్గా కలవలేదని అర్థం.

ఐసులో సరిగ్గా ఉన్నది మరిగే నీళ్లలోనూ సరిగ్గా ఉంటుందన్న హామీ లేదు. రెండో పరీక్ష అందుకే. మూత లేని గిన్నెలో ఉప్పు వేయని నీళ్లు బాగా తెర్లుతుండగా, గిన్నె అడుగుకు తగలకుండా సూది ముంచాలి. అడుగు రేకు నీళ్లకంటే వేడిగా ఉంటుంది. చేతికి ఆవిరి కొట్టకుండా పటకారుతో పట్టుకోవడం మంచిది. తుపాను రోజున ఒత్తిడి పడిపోతే తీరంలోనూ నీళ్లు అర డిగ్రీ తక్కువకే మరగొచ్చు, పరీక్షకు ఆ రోజు వద్దు.

హైదరాబాద్‌లోనే ఇంకో థర్మామీటర్ ఐసులో 0.4, మరిగే నీళ్లలో 99.7 చూపించిందనుకుందాం. చల్లదనంలో తప్పు 0.4 మాత్రమే, మరిగే చోట 1.5. అంటే వేడి పెరిగేకొద్దీ తప్పు పెరుగుతోంది. నట్టు తిప్పి ఒకచోట సరిచేస్తే రెండోచోట చెడుతుంది. మధ్యలో తప్పు సమంగా పెరుగుతుందనుకుంటే 74 దగ్గర అది 1.2 డిగ్రీలు ఉంటుంది. కోడిని ఆ థర్మామీటర్ మీద 75.2 వచ్చేదాకా ఉడికించాలి. ఈ అంకెల్ని ఒక చీటీ మీద రాసి పరికరం డబ్బాకు అంటిస్తే వంటగదిలో ఎవరికైనా పనికొస్తుంది.

పరికరం కిందపడినప్పుడు మళ్లీ రెండు పరీక్షలూ చేయాలి. ఒకే ఐసు గ్లాసులో వరసగా మూడుసార్లు ముంచితే మూడు వేర్వేరు అంకెలు వస్తుంటే ఏ సవరణా పనిచేయదు. దాన్ని పక్కన పెట్టి కొత్తది కొనాలి.