బ్రాంచ్‌గా వస్తే ఒక లెక్క, సొంత కంపెనీ పెడితే మరో లెక్క

తిరుపతి జిల్లా శ్రీసిటీలో ఫ్యాక్టరీల గేట్ల ముందు నుంచి వెళ్తుంటే ఇసుజు, డైకిన్, కోబెల్కో అంటూ వరసగా జపాన్ పేర్లు కనిపిస్తాయి. రికార్డుల్లో మాత్రం ఆ పేర్ల చివర 'ఇండియా ప్రైవేట్ లిమిటెడ్' అని ఉంటుంది. అంటే టోక్యోలోనో ఒసాకాలోనో ఉన్న అసలు కంపెనీ ఇక్కడికి నేరుగా రాలేదు. ఇక్కడి చట్టం కింద ఇంకో కంపెనీని పుట్టించి, దాని వాటాలు తన చేతిలో ఉంచుకుంది. దీన్ని అనుబంధ సంస్థ అంటారు. హైదరాబాద్‌లో హెచ్‌ఎస్‌బీసీ బ్యాంకు సంగతి అలా కాదు. అక్కడ కౌంటర్ వెనక ఉన్నది హాంకాంగ్‌లో రిజిస్టరైన బ్యాంకే. అది బ్రాంచ్‌గా వచ్చింది.

కస్టమర్‌కు ఈ రెండింటిలో తేడా తెలియదు. అప్పు ఎగ్గొట్టినప్పుడు, ప్రమాదం జరిగినప్పుడు, పన్ను కట్టే రోజు వచ్చినప్పుడు మాత్రం అంతా అక్కడే తేలుతుంది.

బ్రాంచ్‌కు చట్టం దృష్టిలో సొంత ఉనికి లేదు. అది సంతకం పెడితే మాతృసంస్థ పెట్టినట్టే. అది చేసిన అప్పు మాతృసంస్థ అప్పు, దానిమీద పడిన డిక్రీ మాతృసంస్థ మీద పడ్డట్టే. అనుబంధ సంస్థ వేరు కాపురం పెట్టిన కొడుకులాంటిది. దాని పేరున ఆస్తులుంటాయి, అప్పులుంటాయి, కేసులుంటాయి. అది దివాలా తీస్తే మాతృసంస్థ పోగొట్టుకునేది మామూలుగా వాటాల కింద పెట్టిన పెట్టుబడి వరకే. దీన్నే పరిమిత బాధ్యత అంటారు. పేరులోని 'లిమిటెడ్' చెప్పేది ఇదే.

కాగితం మీద ఇది గట్టి గోడే. ఆచరణలో అది ఎంత గట్టిదో తెలియాలంటే భోపాల్ వైపు చూడాలి. అక్కడి పురుగుమందుల ఫ్యాక్టరీ యూనియన్ కార్బైడ్ ఇండియా లిమిటెడ్‌ది. అందులో అమెరికాలోని యూనియన్ కార్బైడ్ కార్పొరేషన్‌కు 50.9 శాతం వాటా ఉండేది. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి విషవాయువు వెలువడి వేల మంది ప్రాణాలు పోయాక, మాతృసంస్థ వాదన ఒక్కటే: ఫ్యాక్టరీ భారతీయ కంపెనీది, నడిపింది అక్కడి మేనేజర్లు, మేం వాటాదారులం మాత్రమే. ప్రమాదకరమైన పరిశ్రమ నడిపే బహుళజాతి సంస్థను మొత్తంగా ఒకే సంస్థగా చూడాలన్నది భారత ప్రభుత్వ వాదన. 1986లో న్యూయార్క్ కోర్టు కేసును భారతదేశానికి పంపేసింది. 1988లో మధ్యప్రదేశ్ హైకోర్టు ఆ గోడను పక్కకు నెట్టి, రూ.250 కోట్ల మధ్యంతర పరిహారం కట్టమని అమెరికా కంపెనీనే ఆదేశించింది. 1989 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టులో 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. దాంతో అసలు ప్రశ్న అలాగే మిగిలిపోయింది. అనుబంధ సంస్థ చేసిన దానికి మాతృసంస్థ చట్టప్రకారం జవాబుదారీయా కాదా అని ఆ కేసులో తుది తీర్పు రానేలేదు. 1994లో అమెరికా కంపెనీ తన వాటా అమ్ముకుని వెళ్లిపోయింది.

విశాఖ ఉదంతం ఇంకా దగ్గరిది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్ఆర్ వెంకటాపురంలో స్టైరిన్ ఆవిరి పన్నెండు మందిని బలి తీసుకుంది. ఆ ఫ్యాక్టరీ దక్షిణ కొరియాలోని ఎల్‌జీ కెమ్‌కు పూర్తిగా సొంతమైన ఎల్‌జీ పాలిమర్స్ ఇండియా ప్రైవేట్ లిమిటెడ్‌ది. మర్నాడే జాతీయ హరిత ట్రైబ్యునల్ రూ.50 కోట్లు డిపాజిట్ చేయమంది. ఆ ఆదేశం సియోల్‌లోని కంపెనీకి కాదు, ఇక్కడి ప్రైవేట్ లిమిటెడ్‌కు. అదే ఫ్యాక్టరీని బ్రాంచ్ నడిపి ఉంటే ఆ వెసులుబాటు మొదటి రోజు నుంచే ఉండేది కాదు.

నిజానికి బ్రాంచ్‌తో అలాంటి ఫ్యాక్టరీ నడపడానికి అనుమతే లేదు. రిజర్వు బ్యాంకు 2016లో తెచ్చిన నిబంధనల ప్రకారం బ్రాంచ్ ఎగుమతి దిగుమతులు చేయొచ్చు, కన్సల్టెన్సీ ఇవ్వొచ్చు, ఐటీ సేవలు, పరిశోధన, మాతృసంస్థ అమ్మిన యంత్రాలకు సర్వీసింగ్ చూసుకోవచ్చు. ప్రత్యేక ఆర్థిక మండళ్లలో తప్ప సరుకు తయారు చేయకూడదు, చిల్లర వ్యాపారం పెట్టకూడదు. మాతృసంస్థ సొంత దేశంలో వరసగా ఐదేళ్లు లాభాల్లో ఉండాలనీ, నికర విలువ లక్ష డాలర్లకు తగ్గకూడదనీ ఆ నిబంధనలు షరతు పెట్టాయి. అందుకే శ్రీసిటీలోని ఫ్యాక్టరీలు సొంత కంపెనీలు పెట్టుకోక తప్పలేదు.

బాధ్యత గురించి ఇంకో మాట. 'మాకు పరిమిత బాధ్యత' అని ధీమాగా వచ్చిన విదేశీ కంపెనీకి మొదటి షాక్ ఇచ్చేది చాలాసార్లు ఆఫీసు బిల్డింగ్ యజమానే. నిన్న పుట్టిన కంపెనీని నమ్మి తొమ్మిదేళ్ల లీజు ఎవరిస్తారు? మాతృసంస్థ నుంచి గ్యారంటీ లేఖ తెమ్మంటారు. బ్యాంకూ అదే అడుగుతుంది, పెద్ద కస్టమర్లూ అదే అడుగుతారు. అలాంటి మూడు లేఖల మీద సంతకం పెట్టాక చట్టం కట్టిన గోడకు కంపెనీ తన చేత్తోనే మూడు తలుపులు తెరిచినట్టు. పరిమిత బాధ్యత గట్టిగా పనిచేసేది గ్యారంటీ అడిగే అవకాశం లేనివాళ్ల మీద: గ్యాస్ పీల్చిన ఊరివాళ్లు, జీతం బాకీపడ్డ ఉద్యోగులు, బిల్లు రావాల్సిన చిన్న సరఫరాదారులు. ఈ ఏర్పాటులో అన్యాయం ఏదైనా ఉందంటే అది ఇక్కడే ఉంది.

ఇక పన్ను. బ్రాంచ్ అంటే విదేశీ కంపెనీయే కాబట్టి దానికి విదేశీ కంపెనీ రేటే వర్తిస్తుంది. 2024 జులై బడ్జెట్‌లో దాన్ని 40 నుంచి 35 శాతానికి తగ్గించారు. లాభం పది కోట్లు దాటితే సర్‌చార్జీ, సెస్సు కలిపి 38.22 శాతం అవుతుంది. అనుబంధ సంస్థ భారతీయ కంపెనీ. మినహాయింపులు వదులుకుంటే 22 శాతం రేటు ఎంచుకోవచ్చు. సర్‌చార్జీ, సెస్సుతో అది 25.17 శాతం.

జపాన్‌కు చెందిన ఒక యంత్రాల కంపెనీ హైదరాబాద్‌లో సర్వీసింగ్ వ్యాపారం పెట్టిందనుకుందాం. ఏటా పది కోట్లకు పైగా లాభం. అందులో ప్రతి వంద రూపాయలకు ఏమవుతుందో చూద్దాం. బ్రాంచ్ అయితే 38 రూపాయల 22 పైసలు పన్ను పోతుంది. మిగిలిన 61.78 జపాన్‌కు పంపుకోవచ్చు. ఆ పంపడం మీద ఇక్కడ మళ్లీ పన్ను లేదు. సొంత కంపెనీ అయితే 25.17 పోయి 74.83 మిగులుతుంది. దీన్ని డివిడెండ్‌గా పంపితే జపాన్‌తో ఉన్న పన్ను ఒప్పందం ప్రకారం పది శాతం, అంటే 7.48 ఇక్కడే కోసుకోవాలి. చేతికి అందేది 67.35. సొంత కంపెనీ వైపు ఐదున్నర రూపాయల మొగ్గు.

లాభాన్ని పంపకుండా ఇక్కడే కొత్త వర్క్‌షాపులకు పెడితే మొగ్గు పదమూడు రూపాయలకు చేరుతుంది. డివిడెండ్ ప్రకటించేదాకా ఆ రెండో పన్ను పడదు కాబట్టి. ఎదిగే వ్యాపారాలు సొంత కంపెనీ వైపు చూడటానికి పెద్ద కారణం ఇదే.

అయితే మాతృసంస్థ ఉన్న దేశంతో భారత్‌కు పన్ను ఒప్పందం లేదనుకోండి. అప్పుడు డివిడెండ్ మీద 20 శాతం, సర్‌చార్జీ, సెస్సు కలిపితే 21.84 శాతం పడుతుంది. 74.83లో 16.34 పోయి 58.49 మిగులుతుంది. బ్రాంచ్‌కు మిగిలే 61.78 కంటే ఇది తక్కువ. ఏటా లాభమంతా ఊడ్చి ఇంటికి పంపే కంపెనీకి బ్రాంచే లాభం. పన్ను రేటు ఒక్కటే చూసి నిర్ణయించేవాళ్లు తప్పేది ఇక్కడే.

ఈ లెక్క దేశాన్ని బట్టి తిరగబడుతుంది కూడా. అమెరికాలో బ్రాంచ్ లాభాల మీద 1986 నుంచి ప్రత్యేకంగా అదనపు పన్ను ఉంది. అక్కడ బ్రాంచ్‌గా పనిచేసిన ఇన్ఫోసిస్, ఆ లాభంలో అక్కడి ఆస్తుల్లోకి మళ్లించని భాగం మీద 15 శాతం బ్రాంచ్ పన్ను పడుతుందని తన నివేదికల్లో రాసుకుంది. భారత్ అలాంటి పన్ను విధించడం లేదు.

బ్రాంచ్‌కు ఇంకో చిక్కు ఖర్చుల దగ్గర వస్తుంది. టోక్యో ప్రధాన కార్యాలయం తన ఖర్చుల్లో కొంత హైదరాబాద్ ఖాతాలో రాస్తే, దాన్ని సవరించిన మొత్తం ఆదాయంలో ఐదు శాతం దాకానే ఒప్పుకుంటారు. తనకు తానే రాయల్టీ కట్టుకున్నానంటే చెల్లదు, రెండూ ఒకే కంపెనీ కాబట్టి. సొంత కంపెనీ మాత్రం మాతృసంస్థతో ఒప్పందం రాసుకుని రాయల్టీ, సాంకేతిక సేవల ఫీజు చెల్లించవచ్చు. కాకపోతే సంబంధం లేని రెండు కంపెనీల మధ్య ఎంత ధర ఉండేదో అంతే చెల్లిస్తున్నట్టు ఆదాయపు పన్ను శాఖకు రుజువు చూపాలి, టీడీఎస్ కోయాలి. కాగితాల పని తక్కువేం కాదు.

తొలి ఏళ్ల నష్టాలు ఖాయమైతే లెక్క మళ్లీ మారుతుంది. బ్రాంచ్ నష్టం మాతృసంస్థ నష్టమే, చాలా దేశాల్లో సొంత లాభంలో తగ్గించుకోవచ్చు. అనుబంధ సంస్థ నష్టం ఇక్కడే చిక్కుకుపోతుంది. ఎనిమిదేళ్లలోపు ఇక్కడే లాభం వస్తే సర్దుకోవాలి. ముందు బ్రాంచ్ పెట్టి లాభాలు మొదలయ్యాక కంపెనీగా మార్చుదామనే ఆలోచన అందుకే వస్తుంది. కానీ మార్చేటప్పుడు బ్రాంచ్ పాత నష్టాలు కొత్త కంపెనీకి దక్కవు. లీజులు, లైసెన్సులు, జీఎస్టీ రిజిస్ట్రేషన్లు, ఉద్యోగుల నియామక పత్రాలు అన్నీ కొత్త పేరున తిరగరాయాలి. విదేశీ బ్యాంకుల కోసం మాత్రం 2012లో పన్ను చట్టంలో ప్రత్యేక సడలింపు తెచ్చారు. సింగపూర్‌కు చెందిన డీబీఎస్ బ్యాంకు 2019లో తన భారత బ్రాంచ్‌లను అనుబంధ సంస్థగా మార్చుకుంది. మరుసటి ఏడాది కుప్పకూలిన లక్ష్మీ విలాస్ బ్యాంకును విలీనం చేసుకున్నది ఆ భారతీయ కంపెనీయే.

విదేశీ కంపెనీకి సరుకు సరఫరా చేసేవాళ్లు, అందులో ఉద్యోగం చేరేవాళ్లు ఆర్డర్ కాగితం మీద పేరు పూర్తిగా చదవాలి. బోర్డు మీది లోగో చూసి సరిపెట్టుకోకూడదు. కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్ mca.gov.in లో ఆ పేరు వెతికితే నంబరు కనిపిస్తుంది. అది F తో మొదలైతే అక్కడ నమోదైంది విదేశీ కంపెనీయే, బాకీకి జవాబుదారీ కూడా అదే. 21 అక్షరాల CIN ఉంటే అది భారతీయ కంపెనీ. దాని చెల్లించిన మూలధనం ఎంతో అక్కడే రాసి ఉంటుంది. లక్ష రూపాయల మూలధనం ఉన్న కంపెనీకి కోటి రూపాయల సరుకు అరువిచ్చే ముందు, మాతృసంస్థ గ్యారంటీ లేఖ అడగడానికి మొహమాటపడొద్దు.