స్క్రీన్‌షాట్‌లో పేరు ఒకరిది... పంపిన చెయ్యి ఎవరిది?

సోమవారం పొద్దున ప్రార్థన గంట కొట్టకముందే ఒక తల్లి హెడ్‌మాస్టర్ గదిలోకి వచ్చింది. చేతిలో ఫోను, ఫోనులో స్క్రీన్‌షాట్. తొమ్మిదో తరగతి పిల్లలు సొంతంగా పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులో శనివారం రాత్రి 9.14కి ఎవరో ఆమె కూతురి ఫొటోని స్టిక్కర్‌గా మార్చి, ఒంటి లావు మీద ఒక నీచమైన మాట రాసి పంపారు. దాని పైన ‘కిరణ్ 9బి’ అనే పేరు. కింద పదకొండు నవ్వు బొమ్మలు. పిల్ల బడికి రానంటోంది.

ఈ సందర్భం ఊహించి చెబుతున్నదే, కిరణ్ అన్న పేరూ నేను పెట్టినదే. అయితే దీని తర్వాత సాధారణంగా ఏం జరుగుతుందో బళ్లతో సంబంధం ఉన్నవాళ్లకు తెలుసు. మొదటి పీరియడ్‌లోనే కిరణ్‌ని క్లాసులో లేపి నిలబెడతారు. ‘నేను పంపలేదు సార్’ అంటే అబద్ధం కూడా ఆడుతున్నావా అంటారు. తండ్రికి ఫోను వెళ్తుంది, టీసీ మాట వస్తుంది. బాధపడ్డ పిల్ల పక్షాన గట్టిగా నిలబడ్డామన్న తృప్తి పెద్దలకు మిగులుతుంది. పంపింది కిరణ్ కాకపోతే మాత్రం ఆ బడిలో దెబ్బతిన్న పిల్లలు ఇద్దరవుతారు. అసలు పంపినవాడు వెనక బెంచీలో కూర్చుని చూస్తుంటాడు.

స్క్రీన్‌షాట్ ఒక్క సంగతే చెబుతుంది. ఫలానా ఫోను తెర మీద ఫలానా సమయంలో ఇది కనిపించింది, అంతవరకే. ఆ సందేశం నిజంగా గ్రూపులోకి వచ్చిందా, వస్తే ఏ నంబరు నుంచి వచ్చింది, ఆ సమయంలో ఆ నంబరుతో పనిచేస్తున్నది ఎవరు అనేవి మూడు వేర్వేరు ప్రశ్నలు. తప్పు పిల్లవాడికి శిక్ష పడిన చోటల్లా ఈ మూడింటినీ ఒకే ప్రశ్నగా చూసి ఉంటారు.

మంగళవారం 9.14 లోపు

కంగారు వద్దనే నేను, ఒక్క విషయంలో మాత్రం తొందరపడమంటాను. వాట్సాప్‌లో పంపిన సందేశాన్ని అందరి ఫోన్ల నుంచీ తీసేసే వీలు దాదాపు రెండున్నర రోజుల వరకు ఉంటుంది. శనివారం రాత్రి 9.14కి పంపినదాన్ని మంగళవారం ఉదయం ఆ వేళ వరకు పంపినవాడు తుడిచేయగలడు. సోమవారం ప్రార్థనలో దీని గురించి గట్టిగా కేకలేస్తే అసలు మనిషికి ముందస్తు కబురు ఇచ్చినట్టే. గ్రూపు అడ్మిన్‌గా ఉన్న క్లాస్ లీడర్ మంచి ఉద్దేశంతోనే ఆ స్టిక్కర్‌ని తీసేసినా ఆధారం పోతుంది. ముందు నమోదు, తర్వాతే తొలగింపు.

నమోదు అంటే తల్లి దగ్గరున్న స్క్రీన్‌షాట్‌ని మన ఫోనుకు పంపించుకోవడం కాదు. ఆమె సమక్షంలో అమ్మాయి ఫోనులోనే గ్రూపు తెరిచి చూడాలి. ఆ సందేశానికి పైన, కింద ఏమున్నాయో చదవాలి. కత్తిరించిన స్క్రీన్‌షాట్‌లో ముందు జరిగిన రెచ్చగొట్టడం కనిపించదు, తర్వాత ‘ఇది తీసెయ్ రా’ అని అడిగిన పిల్లవాడూ కనిపించడు. నవ్వు బొమ్మల మీద నొక్కితే అవి ఎవరు పెట్టారో పేర్లు వస్తాయి. ఆ తెరా కావాలి. తర్వాత, ఇటు అమ్మాయికీ అటు కిరణ్‌కీ దగ్గరివాళ్లు కాని మరో ఇద్దరు పిల్లల ఫోన్లలో, వాళ్ల తల్లిదండ్రుల అనుమతితో అదే సందేశాన్ని చూడాలి. మూడు ఫోన్లలోనూ ఉంటే అది అతికించి తయారుచేసిన బొమ్మ కాదని నమ్మడానికి గట్టి కారణం దొరికినట్టు. మొదటి ప్రశ్న అక్కడితో తేలుతుంది.

ఇక పేరు. వాట్సాప్ గ్రూపులో కనిపించే పేరు ఎవరు పెట్టినదో గమనించాలి. ముందు ~ గుర్తు ఉంటే ఆ నంబరు ఈ ఫోనులో సేవ్ కాలేదని, అవతలి మనిషి తనకు తానే ఆ పేరు పెట్టుకున్నాడని అర్థం. ఎవరైనా ఏ పేరైనా పెట్టుకోవచ్చు. గుర్తు లేకపోతే, ఫోను సొంతదారు తన కాంటాక్టుల్లో ఏ పేరుతో సేవ్ చేసుకుంటే ఆ పేరే వస్తుంది. వేరే నంబరుని ‘కిరణ్’ అని సేవ్ చేసి ఉన్నా తెర మీద కిరణే ఉంటాడు. అందుకే పేరు మీద నొక్కి నంబరు చూడాలి, దాన్ని అడ్మిషన్ రిజిస్టర్‌లోని నంబరుతో పోల్చాలి. మన కేసులో రెండూ ఒకటే అయ్యాయి. అది కిరణ్ తండ్రి నంబరు. రెండో ప్రశ్నా తేలింది.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నా దృష్టిలో అసలు విచారణ మొదలయ్యేది ఇక్కడ.

లాగౌట్ నొక్కే ముందు

కిరణ్ తండ్రిని ఫోనుతో సహా రమ్మన్నారు. ఆయన ఆర్టీసీ కండక్టర్. ఫోనులో గ్రూపు తెరిస్తే ఆ స్టిక్కర్ లేదు. దీన్నిబట్టి ‘తుడిచేశాడు’ అని ఒకరంటారు, ‘పంపనే లేదు’ అని ఇంకొకరంటారు. రెండూ తొందరపాటే. ‘డిలీట్ ఫర్ మీ’ నొక్కితే ఆ ఖాతాలో మాత్రమే పోతుంది, మిగతా అందరికీ ఉంటుంది. పంపినవాడి ఫోనులో లేకపోవడం ఎటువైపూ రుజువు కాదు.

చూడాల్సింది సెట్టింగ్స్‌లోని ‘లింక్డ్ డివైసెస్’. ఒక వాట్సాప్ ఖాతాని ఫోనుతో పాటు మరో నాలుగు పరికరాల్లో తెరిచి ఉంచుకోవచ్చు. ఫోను పక్కన లేకపోయినా అవి పనిచేస్తాయి. ప్రాజెక్టు పీడీఎఫ్ ప్రింట్ తీయడానికి నెట్ సెంటర్లోనో ట్యూషన్లోనో కంప్యూటర్ మీద వాట్సాప్ తెరిచి, మూయకుండా వచ్చేసే పిల్లలు ఎందరో. కిరణ్ తండ్రి ఫోనులో అలాంటిదే ఒకటి కనిపించింది. విండోస్ కంప్యూటర్లో గూగుల్ క్రోమ్, చివరిసారి పనిచేసింది శనివారం రాత్రి 9.20.

అది చూడగానే ఎవరి వేలైనా ‘లాగౌట్’ మీదికే పోతుంది. నొక్కితే ఆ వరుస జాబితాలోంచి మాయమవుతుంది, దాంతో పాటు ఆ సమయమూ పోతుంది. ముందు ఆ తెరని స్క్రీన్‌షాట్ తీయాలి, తేదీ వేళలతో రిజిస్టర్లో రాయాలి, తండ్రి సంతకం తీసుకోవాలి. ఆ తర్వాత లాగౌట్.

దీని పరిమితి కూడా తెలిసి ఉండాలి. 9.20కి ఆ కంప్యూటర్ వాట్సాప్‌తో కలిసి ఉందని మాత్రమే అది చెబుతుంది. స్టిక్కర్ అక్కడినుంచే వెళ్లిందని చెప్పదు. మిగతా ఆధారాలు దానికి తోడు రావాలి. శనివారం రాత్రి తండ్రి డ్యూటీలో ఉన్నాడు, ఫోను ఆయన దగ్గరే ఉంది, డ్యూటీ చార్టు ఉంది. కిరణ్ వాట్సాప్ తెరిచి వదిలేసింది ట్యూషన్లోని కంప్యూటర్లో. ఆ రోజు అతను ఎనిమిదింటికే వెళ్లిపోయాడని అక్కడి సార్ చెప్పారు. స్లిప్ టెస్టు కోసం తొమ్మిదిన్నర దాకా ఉన్నవాళ్లు నలుగురు. కంప్యూటర్ ఒక్కటే.

ఆ నలుగురినీ ఒక్కొక్కరిగా, తల్లిదండ్రుల్లో ఒకరి ఎదుట అడిగారు. ‘నువ్వే పంపావా?’ అని కాదు, ‘శనివారం సాయంత్రం ట్యూషన్లో ఏం జరిగింది, మొదటినుంచి చెప్పమ్మా’ అని. పిల్లల మాటను పిల్లల మాటల్లోనే రాసి, చదివి వినిపించి సంతకం చేయించారు. స్టాఫ్ రూమ్‌లో నిలబెట్టి రాయించే క్షమాపణ పత్రానికి ఏ విలువా లేదు. భయపడ్డ పిల్లవాడు ఏం రాయమంటే అదే రాస్తాడు. విద్యాహక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్ పిల్లలపై శారీరక దండననే కాదు, మానసిక వేధింపునీ నిషేధిస్తుంది. క్లాసులో నిలబెట్టి పరువు తీయడాన్ని దానికి బయట ఉంచలేం.

చూసింది, విన్నది, అనుకున్నది

రికార్డు అనగానే పెద్ద వ్యవస్థ అక్కర్లేదు. పేజీలకు నంబర్లు వేసిన ఒక బైండు పుస్తకం చాలు. వైట్‌నర్ వాడకూడదు. తప్పు పడితే ఒక్క గీతతో కొట్టేసి, పక్కన పొడి సంతకం. ప్రతి నమోదుకూ తేదీ, వేళ, రాసినవారి పేరు. నేను పట్టుబట్టేది మాత్రం మూడు గళ్ల గురించి. టీచర్ కళ్లారా చూసింది ఒక గడిలో, ఇంకొకరు చెప్పగా విన్నది రెండో గడిలో, తనకు అనిపించింది మూడో గడిలో రాయాలి. ‘కిరణ్ అసభ్య స్టిక్కర్ పంపాడు’ అన్న వాక్యం మొదటి గడిలో పట్టదు. అక్కడ పట్టేది ఇది: ‘అమ్మాయి ఫోనులో కిరణ్ 9బి అనే పేరుతో, ఫలానా నంబరు నుంచి, శనివారం రాత్రి 9.14కి వచ్చిన స్టిక్కర్ చూశాను.’ ఇలా రాయడం మొదలుపెడితే, మనకు నిజంగా ఎంత తక్కువ తెలుసో కాగితమే చూపిస్తుంది.

స్క్రీన్‌షాట్లను వాట్సాప్‌లో ఫొటోగా పంపించుకుంటే బొమ్మ నాణ్యత తగ్గుతుంది, ఫైలు పేరు మారిపోతుంది. ఫోను పెట్టిన పేరులో చాలాసార్లు తీసిన తేదీ, వేళ ఉంటాయి కాబట్టి ఈమెయిల్‌లోనో, ‘డాక్యుమెంట్’గానో తీసుకోవాలి. తర్వాత బడి కంప్యూటర్లో ఈ ఆదేశం ఇస్తే ఆ ఫైలుకు మాత్రమే చెందిన ఒక పొడవైన సంఖ్య వస్తుంది.

```
certutil -hashfile stickershot.png SHA256
```

దాన్ని రిజిస్టర్లో రాసి ఉంచితే, బొమ్మలో ఒక్క చుక్క మారినా తర్వాత తెలిసిపోతుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం కోర్టుకు ఇచ్చే ధ్రువపత్రంలోనూ ఈ సంఖ్య అడుగుతారు. చాలా గొడవలు కోర్టు దాకా వెళ్లవు, వెళ్లకూడదు కూడా. వెళ్లిన రోజున మాత్రం ఇది అక్కరకొస్తుంది.

బొమ్మ నగ్నమైనదో, మార్ఫింగ్ చేసిన లైంగిక చిత్రమో అయితే పైన చెప్పినదంతా అక్కడే ఆపేయాలి. కాపీ తీయకూడదు, స్టాఫ్ గ్రూపులో పెట్టకూడదు, ‘చూడండి మేడమ్’ అని ఇంకొకరికి పంపకూడదు. పిల్లల లైంగిక చిత్రాన్ని పంచడం ఐటీ చట్టం 67బి కింద నేరం, పంపింది టీచరైనా సరే. ఏముందో మాటల్లో రాసి, పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం వెంటనే పోలీసులకు తెలపాలి. 1098 నంబరు ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది.

మన కేసులో అంత దూరం లేదు. నలుగురిలో ఇద్దరు, కంప్యూటర్లో అప్పటికే ఎవరిదో వాట్సాప్ తెరిచి ఉండటం చూశామన్నారు. దాని ముందు ఎవరు కూర్చున్నారో తేలలేదు. బడి ఎవరినీ శిక్షించలేదు. దీన్ని ఓటమి అనుకునేవాళ్లుంటారు, నేను అనుకోను. ఎందుకంటే అమ్మాయికి కావలసిన చాలా పనులకు దోషి పేరు అవసరం లేదు. స్టిక్కర్ అందరి ఫోన్లలోంచి తీయించారు. నవ్వు బొమ్మలు పెట్టిన పదకొండు మంది తల్లిదండ్రులనూ విడివిడిగా పిలిచి మాట్లాడారు, అది రుజువైన సంగతి కాబట్టి. అమ్మాయి నమ్మే టీచర్ ఒకరు నెల రోజుల పాటు వారానికోసారి ఆమెతో కూర్చోవాలని రాసుకున్నారు.

రిజిస్టర్లో ముగింపు ఇలా రాశారు: ‘సందేశం గ్రూపులోకి వచ్చిన మాట నిజం. కిరణ్ తండ్రి ఖాతా నుంచి వెళ్లింది. కిరణ్ పంపినట్టు ఆధారం లేదు. పంపిన వ్యక్తి నిర్ధారణ కాలేదు.’ ఆ నాలుగు వాక్యాల నకలు సంతకంతో కిరణ్ తండ్రికి ఇచ్చారు. పుస్తకాన్ని హెడ్‌మాస్టర్ బీరువాలో పెట్టారు. దాన్ని ఎవరు తెరిచినా పేరు, తేదీ, కారణం రాయాలని మొదటి పేజీలోనే ఉంది. కిరణ్ మీద అనుమానం పదిమంది ముందు మాటగా పడింది కాబట్టి, అది పోవడం కూడా అలాగే జరగాలని క్లాస్ టీచర్ బుధవారం మొదటి పీరియడ్‌లో తొమ్మిది బి ముందు, అమ్మాయి పేరు ఎత్తకుండా, కిరణ్‌కి దీంతో సంబంధం ఉందనడానికి ఆధారం లేదని చెప్పారు.