తాతగారి దస్తావేజు, ఆరు ఫోటోలు: వరుస తప్పకుండా ఎత్తి రాయడం ఎలా?



మన హోసూరు, కృష్ణగిరి ప్రాంతంలో చాలా ఇళ్లల్లో పెట్టె అడుగున ఒక తెలుగు దస్తావేజు ఉంటుంది. తాత, ముత్తాతల కాలంలో చేతితో రాసిన భాగపరిష్కారమో, క్రయపత్రమో అయి ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్లకు చూపు ఆనదు. తమిళ మీడియంలోనో ఇంగ్లీషు మీడియంలోనో చదివిన పిన్నలకు ఆ రాత రాదు. చివరికి అది మన బడి పిల్లల చేతికి వస్తుంది. ఊరి నుంచి పెదనాన్నో మామయ్యో ఫోనులో ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంపి, "చదివి శుభ్రంగా రాసి పెట్టు తల్లీ" అంటారు.

ఆ ఫోటోలు వరుసగా రావు. ఒకే కాగితం పై సగం ఒక ఫోటోలో, కింది సగం ఇంకో ఫోటోలో ఉంటుంది. మధ్యలో కొన్ని వరుసలు రెండింట్లోనూ పడతాయి, లేదా రెండింట్లోనూ పడకుండా పోతాయి. నిరుడు మన తొమ్మిదో తరగతి అమ్మాయి ఇలాంటి పని నెత్తికెత్తుకుని, అంతా రాసేసి నాకు చూపించింది. చదవడానికి ఎక్కడా అడ్డం తగల్లేదు. కానీ అందులో ఒక పొలం మొత్తం మాయమైపోయింది. ఎలా పోయిందో, ఎలా దొరికిందో చెబితే ఈ పని చేసే పద్ధతి మీకే తెలుస్తుంది. వాళ్ల ఊరి పేరు, సర్వే నెంబర్లు ఇక్కడ రాయడం లేదు.

ఫోటోలు వచ్చిన వరుసను నమ్మకండి

ఫోనులో ఫోటోల గ్యాలరీ తెరిస్తే చివర తీసినది ముందు కనిపిస్తుంది. పంపేవారు పైనుంచి ఒక్కొక్కటే నొక్కుకుంటూ పోతే చివరి కాగితం మొదట చేరుతుంది. సిగ్నల్ సరిగా లేకపోతే కొన్ని ఆలస్యంగా చేరతాయి. మీ ఫోనులో `IMG-20240612-WA0007.jpg` లాంటి పేరు కనిపిస్తుంది కదా, అందులో చివరి అంకె ఫోటో తీసిన వరుస కాదు, ఆ రోజు వాట్సాప్‌లో మీ ఫోనుకు చేరిన వరుస. వీలైతే ఫోటోలను మామూలుగా కాకుండా 'డాక్యుమెంట్'గా పంపమని అడగండి. అప్పుడు బొమ్మ నాణ్యత తగ్గదు, కెమెరా పెట్టిన అసలు పేరు అలాగే వస్తుంది. చాలా ఫోన్లలో ఆ పేరులో తీసిన గంట, నిమిషం, సెకను ఉంటాయి. అది మంచి ఆధారమే. అయినా తీసిన మనిషే కాగితాలను తారుమారుగా పట్టుకుని ఉండవచ్చు. కాబట్టి చివరి తీర్పు దస్తావేజులోని రాతదే.

అందుకే ఫోటోలకు మొదట 1, 2, 3 అని పేరు పెట్టకండి. అలా పెడితే అదే వరుస అని మనసులో నాటుకుపోతుంది. క, ఖ, గ, ఘ, చ, ఛ అని పెట్టండి. ఆ అమ్మాయికి వచ్చినవి కూడా ఆరే. ఒక్కో ఫోటోకు ఒక చీటీ తీసుకుని మూడు సంగతులు రాయండి: మొదటి వరుస, చివరి వరుస, మొత్తం ఎన్ని వరుసలు. అసలు రాత ఇంకా మొదలుపెట్టకండి.

చీటీలను కలపడం

ఆ ఆరింటిలో క మొదటిదని సులువుగా తెలిసింది. తేదీ, జిల్లా, తాలూకా, రాసి ఇచ్చినవారి పేర్లు అందులో ఉన్నాయి. గ చివరిది. అందులో సంతకాలు, సాక్షులు, రాసిన గుమాస్తా పేరు ఉన్నాయి. ఛలో వేలిముద్రలు, రిజిస్ట్రారు కచేరీ ముద్రలు కనిపించాయి. అది మొదటి కాగితం వెనుక వైపు. ముందువైపు రాతలో దానికి చోటు లేదు. దాన్ని మధ్యలో దూర్చకుండా చివర "1వ కాగితం వెనుక" అని వేరుగా రాయాలి.

మిగిలినవి మధ్యవి. రిజిస్టరైన దస్తావేజుల్లో సాధారణంగా ప్రతి కాగితం మీద మొత్తం కాగితాలు ఎన్ని, ఇది ఎన్నోది అని ఉంటుంది. ఉంటే పని సులువు. కానీ ఫోటోలో అంచులు తెగిపోతే అదే ముందు పోతుంది. ఇక్కడా అంతే జరిగింది.

అప్పుడు పనికొచ్చేది విరిగిన మాట. పాత గుమాస్తాలు వరుస చివర చోటు చాలకపోతే మాటను ఎక్కడైనా విరిచి, ఏ గుర్తూ పెట్టకుండా తరువాతి వరుసలో కొనసాగించేవారు. ఘ చివర "నా పి" అని ఆగింది. చ మొదట "త్రార్జితమైన" అని ఉంది. కలిపితే 'నా పిత్రార్జితమైన'. ఇంతకంటే గట్టి రుజువు అక్కర్లేదు. ఒక కాగితం ఘతో ముగిసి, తరువాతి కాగితం చతో మొదలైంది. ఈ విధంగా క, ఘ, చ, ఖ, గ అనే వరుస తేలింది.

జిల్లా పేరును కూడా గమనించండి. మన ప్రాంతం 1965 అక్టోబరు 2 దాకా సేలం జిల్లాలో ఉండేది, ఆ తర్వాత ధర్మపురి జిల్లాలో, 2004 ఫిబ్రవరి 9 నుంచి కృష్ణగిరి జిల్లాలో ఉంది. దస్తావేజు మొదట సేలం జిల్లా అని ఉండి, ఒక ఫోటోలో మాత్రం ఆస్తి వివరం ధర్మపురి జిల్లా అని మొదలైతే, అది వేరే దస్తావేజు కాగితం కలిసిందేమో చూడాలి.

రెండు ఫోటోల్లోనూ ఉన్న వరుసలు

క, ఘ రెండూ మొదటి కాగితానివే. కలో 16 వరుసలు, ఘలో 14. క చివరి నాలుగు వరుసలే ఘ మొదటి నాలుగు. అంటే కాగితంలో ఉన్నవి 26. ఈ నాలుగింటినీ ఒక్కసారే రాయాలి. కానీ రాసేముందు రెండు ఫోటోల్లోనూ చదవాలి. ఇది ఉచితంగా దొరికిన పరీక్ష.

ఆ అమ్మాయి కలో సొమ్మును "రూ. ౨౦౦" అని చదివింది. ఘలో అదే చోట "రూ. ౩౦౦" అనిపించింది. తెలుగు అంకెల్లో ౨కీ ౩కీ తేడా కొంచెమే కదా. పక్కనే "అక్షరాల మూడు వందల" అని ఉంది కాబట్టి తగాదా తీరింది. ఫోటో అంచున అక్షరాలు వంగి, మసకబారి ఉంటాయి. అందుకే అతుకును సరిగ్గా అంచు దగ్గర వేయకుండా, ఉమ్మడి వరుసల మధ్యలో వేయండి. ఇక్కడ మొదటి రెండు వరుసలు క నుంచి, తరువాతి రెండు ఘ నుంచి తీసుకున్నాం.

అతికినట్టే ఉండి అతకనిది

అసలు తప్పు రెండో కాగితంలో జరిగింది. చలో 12 వరుసలు, ఖలో 11. చ చివరి వరుస: "ఇందుకు చెక్కుబంది తూర్పుకు బండిబాట". ఖ మొదలు కూడా "ఇందుకు చెక్కుబంది తూర్పుకు బండిబాట". అమ్మాయి వాటిని ఒకటే వరుస అనుకుని కలిపేసింది. ఎవరైనా అలాగే అనుకుంటారు.

కానీ భాగపరిష్కారంలో ప్రతి పొలానికీ చెక్కుబంది ఉంటుంది. పక్కపక్క పొలాలకు తూర్పున ఒకే బాట ఉండవచ్చు. చలో ఉన్నది 2వ దఫా పొలం చెక్కుబంది. ఖలో ఉన్నది 3వ దఫాది. మధ్యలో మూడు వరుసలు ఏ ఫోటోలోనూ పడలేదు. 2వ దఫాకు మిగిలిన మూడు దిక్కులు, 3వ దఫా సర్వే నెంబరు, విస్తీర్ణం ఆ వరుసల్లోనే ఉన్నాయి. ఎడమ అంచు తెగిపోవడంతో దఫా అంకెలు కూడా కనపడలేదు. అలా 3వ పొలం పోయి, దాని హద్దులు 2వ పొలానికి వచ్చిపడ్డాయి.

ఎలా తెలిసింది? నాలుగు గుర్తులు దొరికాయి.

మొదటిది, ఆమె రాసినదాంట్లో 2వ దఫాకు దక్షిణ హద్దు "పై 2వ దఫా భూమి" అని వచ్చింది. ఒక పొలానికి అదే పొలం హద్దు ఎలా అవుతుంది?

రెండోది, విస్తీర్ణం లెక్క. దస్తావేజు మొదట మొత్తం 4 ఎకరాల 35 సెంట్లు అని ఉంది. ఆమె రాసిన పొలాలను కూడితే 3 ఎకరాల 60 సెంట్లే వచ్చింది. 75 సెంట్లు తక్కువ.

మూడోది, వరుసల లెక్క. మొదటి కాగితంలో 26 వరుసలు. అదే చేతిరాత, అదే సైజు కాగితం అయినా రెండో కాగితంలో 22 వచ్చాయి.

నాలుగోది అన్నిటికన్నా పనికొచ్చేది. ఒకే వరుసను రెండుసార్లు ఫోటో తీస్తే, ఆ వరుస రెండింట్లోనూ ఒకే మాట దగ్గర మొదలై ఒకే మాట దగ్గర ముగుస్తుంది. చలో 'బండిబాట' పూర్తిగా ఒకే వరుసలో ఉంది. ఖలో "బండి" దగ్గర వరుస ఆగి, "బాట" కింది వరుసలో ఉంది. అవి వేర్వేరు వరుసలని అక్కడే తేలిపోయింది.

కాబట్టి ఒక వరుస కలిసిందని అతికించకండి. వరసగా రెండు వరుసలైనా కలవాలి, అందులో సర్వే నెంబరో, సొమ్మో, పేరో ఒక ప్రత్యేకమైన మాట ఉండాలి, వరుస విరుపులూ ఒకేలా ఉండాలి. కాగితం మడత గీత, మరక రెండింట్లోనూ అదే వరుస మీద ఉంటే ఇంకా గట్టి.

లేనిదాన్ని లేదని రాయండి

తప్పు తెలిశాక ఆ అమ్మాయి ఆ చోట "[ఇక్కడ కొన్ని వరుసలు ఫోటోలో లేవు]" అని రాసి, పెదనాన్నకు ఫోను చేసి రెండో కాగితం మధ్య భాగం మాత్రం మళ్లీ తీయమంది. వచ్చిన ఫోటోలో ఆ మూడు వరుసలు దొరికాయి. 12, 3, 11 కలిపితే 26. 3వ దఫా 75 సెంట్లు. లెక్క సరిపోయింది. మళ్లీ తీయించడం కుదరకపోతే ఆ కుండలీకరణాన్ని అలాగే ఉంచాలి. ఊహించి నింపిన వరుస ఖాళీ కంటే ప్రమాదం, ఎందుకంటే తర్వాత చదివేవారికి అది ఊహ అని తెలియదు.

మీరు ఎత్తి రాసింది ఇంట్లోవాళ్లు చదువుకోవడానికే. కచేరీ పనికి అసలు దస్తావేజో, సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు నుంచి తీసుకున్న నకలో కావాలి. ఫోటోలు తీసి పంపే పెద్దలకు ఒక మనవి: ఒక్కో కాగితానికి ముందు పూర్తి ఫోటో ఒకటి, నాలుగు అంచులూ కనిపించేలా తీయండి. ఆ తర్వాతే దగ్గరగా పై సగం, కింది సగం తీయండి. పూర్తి ఫోటోలో అక్షరాలు చదవడానికి రాకపోయినా వరుసలు లెక్కపెట్టుకోవచ్చు. మన అమ్మాయికి అలాంటిది ఒక్కటి ఉండి ఉంటే ఆ పొలం పోయేదే కాదు.

ఇంటి దస్తావేజు ఫోటోలను తరగతి గ్రూపుల్లో పెట్టకండి. చదవడం కష్టమైన చోటు ఉంటే పిల్లలు తమ చీటీలతో సహా సాయంత్రం బడి వదిలాక నా గదికి తీసుకురావచ్చు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు