తాళం చెవితో పాటు ఇవ్వాల్సిన సమాచారం

పాలు పొంగించి సామాను సర్దుకున్న మర్నాటి నుంచే కొత్తగా అద్దెకు దిగినవాళ్లకు సందేహాలు మొదలవుతాయి. నీళ్లెప్పుడొస్తాయి? చెత్త బండి ఎన్నింటికి? రాత్రి కరెంటు పోతే ఎవరికి చెప్పాలి? తాళం చెవి ఇచ్చిన రోజే ఇంటి ఓనర్ ఒక వాట్సాప్ సందేశం పంపితే ఇవన్నీ తీరిపోతాయి. హైదరాబాద్‌లో మూడు పోర్షన్ల ఇల్లొకటి అనుకుని, ఆ సందేశం ఎలా ఉండాలో చూద్దాం.

‘మా ఇంటికి మీ అందరికీ స్వాగతమండీ. ఏ అవసరమొచ్చినా మొహమాటపడకుండా ఫోన్ చేయండి.’ పలకరింపు ఇంత చాలు.

తర్వాత నీళ్ల సంగతి. నగరంలో చాలాచోట్ల నల్లా నీళ్లు రోజు విడిచి రోజు, కాసేపే వస్తాయి. అవి సంపులో పడితే, మోటారు వాటిని పై ట్యాంకుకు ఎక్కిస్తుంది. అందుకే ‘నీళ్లు పొదుపుగా వాడండి’ అని రాస్తే ఉపయోగం లేదు. ఇలా రాయాలి: ‘నల్లా రోజు విడిచి రోజు పొద్దున ఆరింటికి వస్తుంది. తాగే నీళ్లు గేటు పక్క నల్లా దగ్గర అప్పుడే పట్టుకోండి. మోటారు మేమే వేస్తాం. మేం ఊళ్లో లేనప్పుడు మీరు వేయాల్సి వస్తే, ముందు సంపులో నీళ్లున్నాయో లేదో చూసి, మూత మళ్లీ గట్టిగా పెట్టండి. స్విచ్ మెట్ల కింద ఉంది.’ సంపు ఖాళీగా ఉన్నప్పుడు మోటారు తిరిగితే వేడెక్కి కాలిపోతుంది. మోత వినిపిస్తున్నా ట్యాంకులో నీళ్లు పడే చప్పుడు లేదంటే వెంటనే ఆపేయాలి. ఈ గుర్తు కూడా రాస్తే కొత్తవాళ్లకు భయం ఉండదు.

చెత్త విషయంలో బండి వచ్చే వేళతో పాటు, రాని రోజు ఏం చేయాలో కూడా చెప్పాలి. ‘తడి చెత్త ఆకుపచ్చ బుట్టలో, పొడి చెత్త నీలం బుట్టలో వేయండి. డైపర్లు, శానిటరీ ప్యాడ్లు కాగితంలో చుట్టి విడిగా ఇవ్వండి. బండి రాకపోతే సంచి గేటు బయట పెట్టకండి, కుక్కలు చింపేస్తాయి.’

అత్యవసర నంబర్లు నాలుగు చాలు. పోలీసు, ఫైర్, అంబులెన్స్ దేనికైనా 112, అంబులెన్స్‌కు నేరుగా 108, కరెంటుకు 1912, గ్యాస్ లీకైతే 1906. కరెంటు ఫిర్యాదుకు బిల్లు మీది సర్వీస్ నంబరు అడుగుతారు కాబట్టి దాన్నీ రాయాలి. గ్యాస్ వాసన వస్తే స్విచ్‌లు ముట్టుకోకుండా రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు తెరిచి, బయటికొచ్చాకే ఫోన్ చేయమని చెప్పాలి.

ఇక ఇంటి పద్ధతులు. ప్రతిదానికీ కారణం చెబితే ఆజ్ఞలా ఉండదు. ‘గోడకు మేకు కొట్టేముందు ఒక్కమాట అడగండి, లోపల వైర్లున్నాయి. రాత్రి పదకొండింటికి గేటు తాళం వేస్తాం, ఒక చెవి మీ దగ్గరుంచుకోండి.’

అద్దె పెంపు, అడ్వాన్సు లాంటివి అగ్రిమెంటులో ఉండాలి, ఈ సందేశంలో కాదు. నీళ్ల వేళ మారినప్పుడల్లా ఓనర్ దీన్ని సరిచేసి మళ్లీ పంపాలి.