పోస్ట్‌మ్యాన్ ఏ వీధి రెండోసారి నడవాలి?

క, చ, ట, త, ప అనే అయిదు కూడళ్లున్న ఊరు. క–చ, చ–ట, ట–క, ట–త, త–ప, ప–ట వీధులు ఒక్కొక్కటీ 100 మీటర్లు. ప్రతి కూడలిలో కలిసే వీధులు సరిసంఖ్యలోనే ఉన్నాయి కాబట్టి, ఏ వీధీ రెండోసారి తొక్కకుండా అన్నీ తిరిగి రావచ్చు.

ఆ దారి కట్టే పద్ధతి హియర్‌హోల్జర్ పేరు మీద 1873లో అచ్చయింది. క నుంచి బయల్దేరితే క–చ–ట–క అని చుట్టు త్వరగానే మూసుకుపోతుంది, మూడు వీధులు మిగిలిపోతాయి. కంగారు అక్కర్లేదు. నడిచిన దారిలోనే, నడవని వీధి తగిలే కూడలి ట. అక్కడ ట–త–ప–ట చుట్టు వేసి, పాతదాన్ని ట దగ్గర తెంపి అతికిస్తే క–చ–ట–త–ప–ట–క.

ఇప్పుడు చెరువు చుట్టూ తిరిగే 250 మీటర్ల చ–త రోడ్డు పడిందనుకోండి. చ, త బేసి కూడళ్లయ్యాయి. కొంత దూరం రెండుసార్లు నడవక తప్పదు. ఎంత తక్కువ? 1960లో చైనా గణితవేత్త గువాన్ మెయ్‌గు వేసిన ప్రశ్న ఇదే. కొత్త రోడ్డునే మళ్లీ నడిస్తే 250 మీటర్లు అదనం. ట మీదుగా అయితే 200 చాలు. అందుకే చ–త–ట–చ చుట్టును చ దగ్గర అతికించాలి: క–చ–త–ట–చ–ట–త–ప–ట–క, మొత్తం 1,050 మీటర్లు.

బేసి కూడళ్లు ఎక్కువైతే, వాటిని జతలుగా కలపడంలోనే అసలు లెక్క ఉంది. దగ్గరివాటిని ముందు కలిపేస్తే చివరి జత దూరమైపోవచ్చు; అన్ని జతల మొత్తాన్నీ కలిపి చూడాలి.